ఎరువుల లైసెన్సులో డోర్ నంబరు తారుమారైంది, సరిచేయించడానికి ఏమేం పెట్టాలి?

ఆయకట్టు_కుర్రోడు
మాది నల్లగొండ జిల్లా, సాగర్ ఎడమ కాలువ కింద ఒక మండల కేంద్రం. నాన్న పేరు మీద ఎరువుల రిటైల్ దుకాణం ఉంది. నేను పుట్టకముందు నుంచీ అదే మడిగె, డోర్ నంబరు 4-38. పోయినసారి లైసెన్సు రెన్యువల్ చేయిస్తే వచ్చిన సర్టిఫికెట్‌లో 4-83 అని పడింది. అప్పుడు ఎవరూ చూడలేదు, ఫ్రేమ్ కట్టించి గోడకు తగిలించారు. ఇప్పుడు బ్యాంకులో సీసీ లిమిట్ రెన్యువల్‌కు పోతే ఫీల్డ్ ఆఫీసర్ పట్టుకున్నాడు, అడ్రస్ కలవడం లేదని ఫైలు పక్కన పెట్టాడు. అదే వారం మండల వ్యవసాయ అధికారి, మా ఏఓ సార్, దుకాణం చెకింగ్‌కు వచ్చి "లైసెన్సు ఉన్న చోట అమ్మకం లేదు, అమ్మకం ఉన్న చోట లైసెన్సు లేదు" అన్నారు.

లైసెన్సు ఇచ్చే ఏడీఏ, అంటే ఏఓ పైఅధికారి ఆఫీసులో అడిగితే ఆన్‌లైన్‌లో చేసుకోమన్నారు. మీసేవలో అడిగితే ఆ ఆప్షన్ మాకు కనబడదు, ఆఫీసులోనే చేయాలన్నారు. వానాకాలం నాట్లు దగ్గర పడ్డాయి, యూరియా లోడు వచ్చే టైము, ఇంట్లో అందరికీ టెన్షన్. దరఖాస్తుతో ఏ కాగితాలు పెట్టాలి? అది సరి అయ్యేదాకా అమ్మకం ఆపాలా?

పాలమూరు_శీనన్న
దుకాణం మారినప్పుడు కొత్త చోటుకు మళ్లీ ఇన్‌స్పెక్షన్ ఉంటది తమ్ముడు. కొత్త మడిగె కిరాయి అగ్రిమెంటు, కొత్త ఇంటి పన్ను రసీదు పెట్టు. మాది జడ్చర్లలో మార్చినప్పుడు అట్లనే చేసినం.

ఆయకట్టు_కుర్రోడు
శీనన్నా, దుకాణం మారలేదు. నంబరే మారింది, అదీ కాగితం మీద.

పాలమూరు_శీనన్న
ఓహో, సగమే చదివిన. మరి 4-83 ఎవరిది?

ఆయకట్టు_కుర్రోడు
కల్లు కాంపౌండ్.

గెట్టు_పంచాది
లైసెన్సు ప్రకారం మీ నాన్న కల్లు కాంపౌండ్‌లో యూరియా అమ్ముతున్నట్టు. ఊళ్లో కల్లు తాగినవాళ్లకు ఎక్కువ కిక్కు ఎందుకు వస్తుందో ఇప్పుడు తెలిసింది.

నోటరీ_నర్సింలు
ఇంత చర్చ అవసరం లేదు. నోటరీ దగ్గర అఫిడవిట్ చేయించి పెట్టండి, "నా దుకాణం 4-38లోనే ఉంది" అని. అది కుదరకపోతే పాతది వదిలేసి కొత్త లైసెన్సుకు పెట్టుకోండి. సరిచేయించడం కంటే కొత్తది తీసుకోవడమే తేలిక. మా బావమరిది అట్లనే చేశాడు.

పాత_ఫైలు
కొత్త లైసెన్సు జోలికి పోవద్దు. నేను జిల్లా వ్యవసాయ ఆఫీసులో సెక్షన్ చూసి రిటైర్ అయినవాణ్ని కాబట్టి కాస్త వివరంగా చెబుతా.

కొత్తదానికి పెడితే లైసెన్సు నంబరు మారుతుంది. మీ ఈ-పాస్ మిషన్ వెనకాల ఉన్న ఎంఎఫ్ఎంఎస్ ఐడీ, అంటే ఎరువుల ఆన్‌లైన్ లెక్కల్లో మీ డీలర్ నంబరు, పాత లైసెన్సు వివరాలతో ముడిపడి ఉంటుంది. సరుకు ఎవరి దగ్గర తెస్తున్నారో చూపడానికి కంపెనీలు, హోల్‌సేలర్లు మీకిచ్చిన 'ఓ' ఫారాలన్నీ పాత లైసెన్సు మీదే ఎక్కి ఉంటాయి. అవన్నీ మళ్లీ తెచ్చుకోవాలి. ఐడీ కదిలితే మిషన్‌లో చూపే నిల్వకూ గోదాములో ఉన్న బస్తాలకూ పొంతన పోతుంది. సీజన్ నెత్తిమీద పెట్టుకుని ఆ పని ఎవరూ చేయరు. పైగా పాతది వదిలేశామని రాసిస్తే, ఇన్నాళ్లూ లైసెన్సు లేని చోట అమ్మామని మీరే ఒప్పుకున్నట్టు అవుతుంది.

కాబట్టి అడగాల్సింది సవరణే. అందులోనూ రెండు రకాలు. మీరు దుకాణం మార్చారనుకోండి, అది మార్పు. దానికి ఫీజు, ఇన్‌స్పెక్షన్, మార్చిన తేదీ నుంచి వర్తింపు ఉంటాయి. మీరు ఇచ్చింది ఒకటి, వాళ్లు ఎక్కించింది ఇంకొకటి అయితే అది పొరపాటు. అప్పుడు మొదట జారీ అయిన తేదీ నుంచే సరిచేయమని అడగాలి. మీ దరఖాస్తు మొదటి వాక్యంలోనే ఇది తేలిపోవాలి. "అడ్రస్ మార్చగలరు" అని రాశారో, క్లర్క్ దాన్ని మార్పు కింద తీసుకుని పక్క దారి పట్టిస్తాడు.

ముందు ఒక మాట చెప్పు. రెన్యువల్‌కు మీరు ఇచ్చిన ఏ1 ఫారం కాపీ ఉందా? అందులో ఏ నంబరు ఉంది?

నోటరీ_నర్సింలు
అఫిడవిట్ అయితే ఏ ఆఫీసైనా అడుగుతుంది కదా సార్.

పాత_ఫైలు
అడుగుతుంది, పెట్టడంలో తప్పు లేదు. కానీ అఫిడవిట్ అంటే నీ మాట నువ్వు ప్రమాణం చేసి చెప్పడం. అది ఫైలుకు అట్ట లాంటిది. లోపల వేరేవాళ్లు రాసిన కాగితం లేకపోతే ఆఫీసర్ దేన్ని చూసి సంతకం పెడతాడు? రేపు ఆడిట్ వాళ్లు అడిగితే ఆయన చూపించుకోవాలి కదా.

మిల్లు_మనిషి
మిర్యాలగూడలో మాకు ఇలాంటిదే వచ్చింది, కానీ పేరులో. ఆధార్‌లో మా పెద్దాయన పేరు యాదగిరి, లైసెన్సులో యాదయ్య. లైసెన్సు సరిచేయించాలని తిరిగాం, వాళ్లేమో జీఎస్టీ సర్టిఫికెట్‌లో కూడా యాదయ్యే ఉంది కదా అన్నారు. జీఎస్టీలో మారుద్దామంటే అక్కడ పేరు పాన్ నుంచి వస్తుంది. చివరికి చూస్తే పాన్‌లోనే యాదయ్య. ముందు పాన్ సరిచేయించుకుని, తర్వాత జీఎస్టీ, ఆ తర్వాత లైసెన్సు. కింది నుంచి పైకి పోవడానికి లేదు. నీ కాగితాల్లో 4-83 ముందుగా ఎక్కడ పుట్టిందో అది పట్టుకో.

ఆయకట్టు_కుర్రోడు
ఏ1 కాపీ దొరికింది. నాన్న సంతకంతో, ఆఫీసు స్వీకృతి ముద్రతో ఉంది. అందులో స్పష్టంగా 4-38 అనే ఉంది. జీఎస్టీ సర్టిఫికెట్‌లో, కరెంటు బిల్లులో, పాత కాగితం లైసెన్సులో కూడా 4-38. ఇంటి పన్ను రసీదు మాత్రం మడిగె ఓనర్ పేరు మీద ఉంటుంది, నంబరు మాత్రం అదే.

అంటే కంప్యూటర్‌లో ఎక్కించేవాడు తిప్పి కొట్టినట్టేనా?

పాత_ఫైలు
అయి ఉండొచ్చు, కాకపోవచ్చు. ఏ1 ఆఫీసుకు వచ్చాక నేరుగా సర్టిఫికెట్ కాదు. ఏఓ వచ్చి దుకాణం చూసి రిపోర్టు రాస్తాడు. కొన్ని ఆఫీసుల్లో ఏ1 పక్కన పడేసి ఆ రిపోర్టు చూసే అడ్రస్ ఎక్కిస్తారు. తప్పు రిపోర్టులోనే ఉంటే నీ ఏ1 ఎంత శుభ్రంగా ఉన్నా ఏడీఏ ఒప్పుకోడు. "నా దగ్గర ఇన్‌స్పెక్షన్ రిపోర్టు 4-83 అంటోంది, మీ ఫారం 4-38 అంటోంది, ఏది నిజం?" అంటాడు. ఆ మాట న్యాయమే. ఫైలు చూపించమని అడుగు.

మహబూబ్‌నగర్_లా
చూపించకపోతే సమాచార హక్కు చట్టం కింద అడగండి. కాపీలే కాదు, ఫైలు స్వయంగా చూసే హక్కు కూడా అందులో ఉంది, మొదటి గంటకు ఫీజు ఉండదు. మన రాష్ట్రంలో దరఖాస్తు ఫీజు గ్రామ స్థాయి ఆఫీసుకు లేదు, మండల స్థాయికి 5 రూపాయలు, ఆ పైన 10 రూపాయలు. 30 రోజుల్లో జవాబు రావాలి. అడిగేటప్పుడు "తప్పు ఎవరు చేశారు" అని రాయకండి, దానికి జవాబు రాదు. "ఫలానా నంబరు లైసెన్సు రెన్యువల్ ఫైలులోని ఇన్‌స్పెక్షన్ రిపోర్టు, నోట్ ఫైలు పేజీల ధ్రువీకరించిన కాపీలు" అని రాయండి.

గెట్టు_పంచాది
30 రోజులంటే నాట్లు అయిపోయి రెండో దఫా యూరియా కూడా అయిపోతది.

మహబూబ్‌నగర్_లా
అందుకే ముందు మామూలుగా అడగమంటున్నా. ఆర్టీఐ దరఖాస్తు జేబులో ఉంటే మామూలు మాటకు కొంచెం బలం.

సూర్యాపేట_సీడ్స్
అసలు ప్రశ్న ఎవరూ పట్టించుకోలేదు, అమ్మకం ఆపాలా? మాకు ఒకసారి గోదాము అడ్రస్ లైసెన్సులో లేదని స్టాక్ ఆపేశారు. నిత్యావసర సరుకుల చట్టం 6ఏ కింద కేసు కలెక్టర్ దగ్గరికి పోయింది. సరుకు విడిపించుకునే సరికి తల ప్రాణం తోకకొచ్చింది. తమ్ముడూ, జాగ్రత్త.

ఆయకట్టు_కుర్రోడు
అదే భయం అన్నా. మా చిన్నాన్న అయితే బస్తాలు తీసుకుపోయి 4-83లో పెట్టేద్దాం అంటున్నాడు.

పాత_ఫైలు
మీ చిన్నాన్నకు దండం. బస్తా కూడా కదిలించొద్దు. కదిలిస్తే పొరపాటు కాస్తా నిజంగానే నేరం అవుతుంది.

సీడ్స్ గారి కేసు వేరు. అక్కడ గోదామును అసలు చూపించనే లేదు. ఇక్కడ చూపించారు, తప్పు పడింది. ఏఓ నోటితో అన్నాడా, రాసి ఇచ్చాడా? 1985 ఎరువుల నియంత్రణ ఉత్తర్వు కింద ఇన్‌స్పెక్టర్‌కు స్టాక్ ఆపే అధికారం ఉంది, కానీ ఆపితే కాగితం మీద ఆపుతాడు. రాసి ఇచ్చి ఉంటే దానికి జవాబు రాయాలి, సరిచేసిన సర్టిఫికెట్ వచ్చేదాకా ఆ స్టాక్ ముట్టుకోకూడదు. నోటి మాటే అయితే ఇవాళే సవరణ దరఖాస్తు ఇచ్చి, ఇన్‌వర్డ్ నంబరు వేసిన కాపీ తెచ్చి, తప్పున్న లైసెన్సు పక్కనే గోడకు తగిలించండి. రేపు ఇంకో స్క్వాడ్ వస్తే "తెలిసి కూర్చున్నాడు" అనకుండా "తెలిసిన రోజే రాసిచ్చాడు" అని ఉంటుంది. స్టాక్ రిజిస్టరు, ధరల బోర్డు, బిల్లు పుస్తకం మాత్రం ఒక్క అంకె తేడా లేకుండా పెట్టుకోండి. అడ్రస్ తప్పు కోసం వచ్చినవాడు స్టాక్ తేడా పట్టుకుని పోవడం నేను చాలా చూశాను.

సూర్యాపేట_సీడ్స్
మా ఏఓ అయితే నోటితో చెప్పినా రాసినట్టే. రిస్క్ తీసుకోవద్దు, రెండు వారాలు మూసుకుంటే పోయేదేముంది?

ఆయకట్టు_కుర్రోడు
పోయేది పాత ఖాతాదారులు అన్నా. నోటితోనే అన్నారు, పుస్తకంలో ఏమీ రాయలేదు. దరఖాస్తు రాయడానికి కూర్చున్నా. ఎవరైనా నమూనా పెడతారా?

మిల్లు_మనిషి
మేం రాసినదాని ధోరణిలో నీకు పనికొచ్చేలా పెడుతున్నా:

"విషయం: ఎరువుల రిటైల్ లైసెన్సు నం. ____ లో డోర్ నంబరు 4-38కి బదులు 4-83గా పొరపాటున నమోదైనందున, జారీ తేదీ నుంచి వర్తించేలా సరిచేయుట గురించి.

పై లైసెన్సు రెన్యువల్ కొరకు నేను తేదీ ____ న సమర్పించిన ఏ1 ఫారంలో దుకాణం డోర్ నంబరు 4-38 అని పేర్కొన్నాను (జతపరచినది 1). జారీ అయిన సర్టిఫికెట్‌లో అది 4-83గా నమోదైనది (జతపరచినది 2). నా దుకాణం మొదటి నుంచి 4-38లోనే ఉన్నది, స్థలం మారలేదు (జతపరచినవి 3, 4, 5). డోర్ నంబరు 4-83 వేరొకరి ఆవరణ (జతపరచినది 6). లైసెన్సు నంబరు, అందులో చేర్చిన ఓ ఫారాలు యథాతథంగా ఉంచి, డోర్ నంబరు మాత్రమే సరిచేసి సవరించిన సర్టిఫికెట్ ఇప్పించగలరు."

ఒక పేజీ దాటకూడదు. కష్టాలు, సీజన్, బ్యాంకు సంగతులు రాయకు.

పాత_ఫైలు
బాగుంది. ముఖ్యంగా ఆ "యథాతథంగా ఉంచి" అన్న మాట. 3, 4, 5 ఏం పెడతావు అన్నదే ఇప్పుడు ప్రశ్న. తప్పు పడిన తేదీకి ముందువి పెట్టాలి. నిన్న తెచ్చుకున్న కరెంటు బిల్లు కంటే రెన్యువల్‌కు ముందు ఏడాది ఇంటి పన్ను రసీదు నయం, ఎందుకంటే తప్పు తెలిశాక పుట్టించిన కాగితం అని ఎవరూ అనలేరు. పాత కాగితం లైసెన్సు, పాత పన్ను రసీదు, అప్పటి కిరాయి ఒప్పందం, ఈ మూడు చాలు. పది పెట్టకు. పదింటిలో ఒకదాంట్లో 4-38/ఏ అనో, పాత వార్డు నంబరనో ఉంటే ఆ ఒక్కదాని మీదే కొర్రీ వేస్తారు. పెట్టే ముందు ప్రతి కాగితంలో డోర్ నంబరు కింద పెన్సిల్‌తో గీత గీసి చూసుకో.

ఆయకట్టు_కుర్రోడు
భలే చెప్పారు సార్. కిరాయి ఒప్పందంలో చూస్తే డోర్ నంబరే లేదు, "బస్టాండు ఎదురుగా రెండో మడిగె" అని ఉంది, నాలుగు హద్దులు రాశారు.

పాత_ఫైలు
అది తీసెయ్యకు, అదే నీకు బంగారం. హద్దుల్లో కల్లు కాంపౌండ్ ఉందా?

ఆయకట్టు_కుర్రోడు
లేదు. అది ఊరి ఇంకో చివర, చెరువు కట్ట దగ్గర.

పాత_ఫైలు
అయితే పంచాయతీ కార్యదర్శి దగ్గర ఒక ధ్రువపత్రం తీసుకో. 4-38 బస్టాండు ఎదురుగా ఫలానా హద్దుల మధ్య ఉన్న మడిగె, 4-83 చెరువు కట్ట దగ్గర వేరే ఆవరణ, పన్నుల రిజిస్టరు ప్రకారం రెండింటి ఓనర్లు వేరు అని. ఇదే ఆ 6వ జత. మీరు దుకాణం అక్కడి నుంచి ఇక్కడికి మార్చి ఇప్పుడు సర్దుకుంటున్నారన్న అనుమానం దీంతో పోతుంది.

పాలమూరు_శీనన్న
ఊరు మునిసిపాలిటీ అయితే నంబర్లన్నీ మార్చిన్రు కదా, అట్ల కూడా అయి ఉండొచ్చు. మా దగ్గర అట్లనే లొల్లి అయింది, పాత నంబరు కొత్త నంబరు కలవక.

ఆయకట్టు_కుర్రోడు
మాది ఇంకా పంచాయతీయే అన్నా. నంబర్లు మారలేదు.

పాత_ఫైలు
శీనన్న చెప్పింది వేరేవాళ్లకు పనికొస్తుంది. నంబర్లు మారిన ఊళ్లలో పాత, కొత్త నంబర్లు పక్కపక్కన చూపే ధ్రువపత్రం మునిసిపాలిటీ నుంచి తీసుకోవాలి. అది పొరపాటు కిందికి రాదు, దారి వేరు.

టిఫిన్_సెంటర్_వనజ
మధ్యలో అడుగుతున్నా, ఏమనుకోకండి. నాకు ఫుడ్ లైసెన్సులో పిన్‌కోడ్ తప్పు పడింది. నేనూ ఇదే దరఖాస్తు పెట్టొచ్చా?

మిల్లు_మనిషి
అది వేరే శాఖ అక్కా, ఏడీఏకు సంబంధం లేదు. ఫుడ్ వాళ్లది ఫాస్కోస్ పోర్టల్‌లోనే లాగిన్ అయి మాడిఫికేషన్ పెట్టాలి. కాకపోతే వేరే ప్రశ్న వేస్తే వివరంగా చెప్పుకుందాం, ఇక్కడ ఎరువులతో కలిస్తే టిఫిన్ రుచి మారుద్ది.

ఆయకట్టు_కుర్రోడు
అప్‌డేట్. దరఖాస్తు ఇచ్చి ఇన్‌వర్డ్ నంబరు తీసుకున్నా. సూపరింటెండెంట్ మేడం మంచివారు, ఫైలు తెప్పించి నా ముందే చూశారు. పాత ఫైలు సార్ అన్నట్టే అయింది. ఏ1లో 4-38, ఇన్‌స్పెక్షన్ రిపోర్టులో 4-83. కంప్యూటర్ వాళ్లు రిపోర్టు చూసి ఎక్కించారు. ఆ రిపోర్టు రాసిన ఏఓ బదిలీ మీద పోయారు. మేడం ఏమన్నారంటే, "రిపోర్టు మీద వచ్చిన సర్టిఫికెట్‌ను మీ కాగితం చూసి మార్చలేం, మళ్లీ రిపోర్టు రావాలి."

ఇప్పుడు పాత ఏఓ దగ్గరికి పోయి తప్పు రాశానని రాయించుకోవాలా?

నోటరీ_నర్సింలు
అవును, ఆయనతోనే రాయించుకోవాలి. ఆయన చేతి తప్పు ఆయనే దిద్దాలి.

పాత_ఫైలు
ఎందుకు రాస్తాడు? తన తప్పు తాను రాసిచ్చి మెమో కొనుక్కుంటాడా? అవసరం లేదు. రిపోర్టు రాసింది మనిషి కాదు, ఆ సీటు. ఇప్పుడు ఆ సీట్లో ఉన్న ఏఓ వచ్చి చూసి రాస్తే చాలు. ఏడీఏ నుంచి ఏఓకు ఒక మెమో పోవాలి, "దుకాణం చూసి సరైన డోర్ నంబరు, హద్దులు తెలుపుతూ రిపోర్టు పంపండి" అని. ఆ మెమో ఎప్పుడు పోతుందో కనుక్కో, దాని కాపీ నంబరు రాసుకో. ఏఓ వచ్చినప్పుడు రిపోర్టులో రెండు మాటలు ఉండేలా మర్యాదగా గుర్తుచెయ్యి. ఒకటి, దుకాణం 4-38లో ఉన్నట్టు చూశానని. రెండు, పాత రిపోర్టు తేదీ నాటికి కూడా ఇదే చోట ఉందని పన్నుల రిజిస్టరును బట్టి తేలిందని. రెండోది లేకపోతే ఇవాళ్టి నుంచి ఇక్కడ ఉందని మాత్రమే అర్థం వస్తుంది.

గెట్టు_పంచాది
ఇంతకీ చెకింగ్‌కు వచ్చి పట్టుకున్న ఏఓనే మళ్లీ రిపోర్టు రాయాలా? ఆయన డైలాగ్ ఆయనకే తగిలింది.

మహబూబ్‌నగర్_లా
మెమో కదలకపోతే సోమవారం కలెక్టరేట్‌లో ప్రజావాణికి పోండి. అక్కడ ఇచ్చిన అర్జీకి నంబరు పడుతుంది, శాఖకు పోతుంది, శాఖ జవాబు చెప్పుకోవాలి. కానీ ఇన్‌వర్డ్ వేసిన మొదటి దరఖాస్తు కాపీ జత చేయకుండా పోతే "ముందు సంబంధిత ఆఫీసులో ఇవ్వండి" అని పంపిస్తారు.

సూర్యాపేట_సీడ్స్
ప్రజావాణికి పోతే ఏడీఏ ఆఫీసులో మొహం మాడ్చుకుంటారు. తర్వాత ఐదేళ్లు వాళ్లతోనే పని. నేనైతే పోను.

మహబూబ్‌నగర్_లా
పోవద్దనుకుంటే పోకండి. నేను చెప్పింది దారి ఉందని మాత్రమే.

మిల్లు_మనిషి
ఇక్కడ సీడ్స్ అన్నతో నేనూ ఏకీభవిస్తా. మేడం ఫైలు తెప్పించి చూపించారంటే ఆ ఆఫీసు కదులుతోంది. కదిలే బండిని తన్నొద్దు.

ఆయకట్టు_కుర్రోడు
ఏఓ సార్ వచ్చారు. హద్దులు చూశారు, బోర్డు కనబడేలా ఫోటో తీసుకున్నారు, పంచాయతీ కాగితం జత చేశారు. పాత తేదీ సంగతి అడిగితే మొదట "అప్పుడు నేను లేను కదా" అన్నారు. పన్నుల రిజిస్టరు ప్రకారం అని రాయమంటే ఒప్పుకుని రాశారు.

సవరించిన సర్టిఫికెట్ వచ్చింది. లైసెన్సు నంబరు అదే, చెల్లుబాటు తేదీలు అవే, ఓ ఫారాలు అలాగే ఉన్నాయి. డోర్ నంబరు 4-38. బ్యాంకుకు ఇచ్చేశా.

కానీ దాంతో పాటు వచ్చిన ప్రొసీడింగ్స్‌లో "ఇందుమూలంగా సవరించడమైనది" అని మాత్రమే ఉంది. జారీ తేదీ నుంచి అని లేదు. ఇది సరిపోతుందా?

పాత_ఫైలు
ప్రొసీడింగ్స్‌లో "చదివినవి" కింద ఏమేం రాశారు? కొత్త రిపోర్టు, నీ ఏ1 రెండూ ఉన్నాయా?

ఆయకట్టు_కుర్రోడు
రెండూ ఉన్నాయి. "పొరపాటున నమోదైనట్లు గమనించి" అన్న మాట కూడా ఉంది.

పాత_ఫైలు
అయితే నా లెక్కలో సరిపోతుంది. పొరపాటు అని ఆఫీసే రాసింది, ఏ1ను ప్రస్తావించింది. పొరపాటు సరిచేయడం అంటే మొదటి నుంచీ అలాగే ఉన్నట్టు.

మహబూబ్‌నగర్_లా
నేను ఒప్పుకోను. మాట స్పష్టంగా లేనప్పుడు ఎవరికి కావలసినట్టు వాళ్లు చదువుకుంటారు. రేపు ఏదైనా పాత అమ్మకం మీద వివాదం వస్తే, అది సవరణకు ముందు తేదీ అయితే, అవతలి వకీలు మొదట పట్టుకునేది దీన్నే. ఒక చిన్న దరఖాస్తుతో "జారీ తేదీ నుంచి వర్తించునని స్పష్టం చేయగలరు" అని అడిగి ఉంచండి. ఇవ్వకపోయినా అడిగినట్టు ఉంటుంది.

పాత_ఫైలు
అడగొచ్చు. కానీ మళ్లీ అడిగితే ఫైలు మళ్లీ తెరుస్తారు, కొత్తగా వచ్చే ఏడీఏ ఎవరైనా ఉంటే మొదటి నుంచి చదువుతాడు. నేనైతే అడగను.

గెట్టు_పంచాది
ఇద్దరూ ఇద్దరే. పిల్లవాడు యూరియా దించుకోవాలా, దరఖాస్తులు రాసుకోవాలా?

మిల్లు_మనిషి
తమ్ముడూ, ఒకటి చూసుకో. తప్పు సర్టిఫికెట్ ఉన్న రోజుల్లో కొత్తగా తీసుకున్న ఓ ఫారం ఏదైనా ఉందా? కంపెనీవాళ్లు డీలర్ అడ్రస్ లైసెన్సు చూసే రాస్తారు.

ఆయకట్టు_కుర్రోడు
ఉంది. ఒక కాంప్లెక్స్ ఎరువుల కంపెనీది. తీసి చూశా, దాంట్లో 4-83 ఉంది. హోల్‌సేలర్‌కు సవరించిన సర్టిఫికెట్ పంపి మార్చి ఇమ్మన్నా, కంపెనీకి పంపిస్తా అన్నాడు.

ఇంకో సంగతి. పురుగుమందుల లైసెన్సు కూడా తీసి చూశా. అది వేరే ఫైలు, వేరే తేదీ, అదే పాత ఏఓ రిపోర్టు. అందులో 4-33.

పాలమూరు_శీనన్న
4-33 ఎవరిది?

ఆయకట్టు_కుర్రోడు
అదే కనుక్కోవడానికి పంచాయతీకి పోతున్నా.